మూడు పూటలా పలకరింపు, రోజుకు ఏడు ప్రశ్నలు: ఒక ప్రాజెక్టు డైరీ

1వ రోజు

మధ్యాహ్నం దాటేసరికి నా ఒంట్లో ఓపిక ఎందుకు తరిగిపోతుందో తెలుసుకోవాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి నన్ను నేనే పలకరించుకుని, ఆ క్షణాన ఉన్న స్థితిని ఫోనులో నమోదు చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. నిద్ర, ఓపిక, చిరాకు, ఏకాగ్రత, ఒళ్లు నొప్పులు, రోజు మొత్తం మీద తృప్తి అనే ఆరు అంశాలను ఎంచుకుని, ఆరింటినీ మూడు పూటలా అడిగేలా ఏర్పాటు చేశాను. రోజుకు 18 ప్రశ్నలవుతున్నాయి. ఒక్కొక్కటి అంకె నొక్కితే అయిపోయేదే కాబట్టి ఇది భారం కాదని ఈ రోజుకు అనిపిస్తోంది.

10వ రోజు

భారమే. ఆ సంగతి నాకు నా అలసట వల్ల కాక, నమోదుల పట్టిక వల్ల తెలిసింది. ప్రతి జవాబు పక్కన అది నొక్కిన సమయం కూడా భద్రమయ్యేలా మొదటి రోజే పెట్టుకున్నాను; ఈ పది రోజుల్లో నేను చేసిన మంచి పని అదొక్కటే. ఆ సమయాలను చూస్తే, ఆరో రోజు నుంచి మధ్యాహ్నపు జవాబులలో సగానికి పైగా రాత్రి తొమ్మిది దాటాక, రాత్రి జవాబులతో కలిపి నింపినవే. అంటే మధ్యాహ్నం ఎలా ఉన్నానో రాత్రి కూర్చుని ఊహించి రాశానన్నమాట. పైగా ఏడో రోజు రాత్రి పన్నెండు ప్రశ్నలకు పద్దెనిమిది సెకన్లలో జవాబిచ్చాను, అన్నిటికీ 6 అనే అంకె పడింది. ప్రశ్న చదివితే అంత వేగం సాధ్యం కాదు.

ఈ అలవాటు నా ఒక్కడిది కాదు. 2002లో ఆర్థర్ స్టోన్, సాల్ షిఫ్మన్ తదితరులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవారికి కాగితపు డైరీలు ఇచ్చి, డైరీ ఎప్పుడు తెరుస్తున్నారో, ఎప్పుడు మూస్తున్నారో పట్టుకునే కాంతి సెన్సరును అందులో వారికి తెలియకుండా అమర్చారు. డైరీలో రాసుకున్న సమయాల ప్రకారం 90 శాతం నమోదులు వేళకు జరిగాయి. సెన్సరు ప్రకారం వేళకు జరిగినవి 11 శాతమే. ఆ వ్యాసం గురించి నాకు ముందే తెలుసు. అయినా సమయం అంకెల్లో నా పేరు మీద కనబడేవరకు అది ఇతరుల సంగతి అనుకున్నాను.

12వ రోజు

రెండు రోజులు ప్రశ్నలన్నీ ఆపేసి, ఏ ప్రశ్న ఏ పూటకు చెందినదో ఆలోచించాను. ప్రశ్నల సంఖ్య తగ్గించడం అంటే మూడు పూటలలో ఒకదాన్ని తీసేయడం అని మొదట అనుకున్నాను. పది రోజుల అంకెలు మరోలా చెప్పాయి. పూటలు మూడూ అవసరమే కానీ ప్రతి ప్రశ్నకు మూడు పూటలూ అవసరం లేదు.

నిద్ర సంగతే తీసుకుందాం. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయానన్న ప్రశ్నను మూడు పూటలా అడిగాను కాబట్టి ఒకే రాత్రికి మూడు జవాబులు ఉన్నాయి. పది రోజుల్లో ఐదు రోజులు ఉదయపు జవాబుకూ రాత్రి జవాబుకూ అరగంట లేదా అంతకు మించి తేడా వచ్చింది. మారింది నిద్ర కాదు, జ్ఞాపకం. అందువల్ల నిద్ర ప్రశ్న ఉదయానిది మాత్రమే. నిద్ర పరిశోధకులు 2012లో ఉమ్మడిగా రూపొందించిన ప్రామాణిక నిద్ర డైరీ కూడా, రాత్రి నిద్రకు సంబంధించిన ప్రశ్నలను లేచిన గంటలోపు నింపమనే చెబుతుంది.

రోజు మొత్తం మీద తృప్తి అన్న ప్రశ్న తేలికగా పోయింది. ఆ అంకెను మూడు పూటల ఓపిక అంకెల సగటుతో పోల్చాను, రాత్రి ఓపిక అంకెతో విడిగా కూడా పోల్చాను. అది సగటును కాక, దాదాపు ప్రతిసారీ రాత్రి అంకెనే అంటిపెట్టుకుని ఉంది. రోజంతటినీ గురించి అడిగినప్పుడు మనిషి చాలావరకు ఆ క్షణంలో ఉన్న స్థితినే చెబుతాడు. రాత్రి ఓపికను ఎలాగూ అడుగుతున్నప్పుడు ఆ రెండో ప్రశ్న కొత్తగా చెప్పేదేమీ లేదు.

మిగిలిన వాటిని కూడా ఈ విధంగా జల్లెడ పట్టాక ఈ కింది అమరిక మిగిలింది. ఓపిక ఒక్కటే మూడు పూటలా వస్తుంది, ఒకే మాటలతో: ‘ఇప్పుడు, ఈ నిమిషంలో, ఓపిక ఎంత ఉంది? 0 నుంచి 10’. ఉదయం దానికి తోడు నిద్ర గంటలు. మధ్యాహ్నం, గత గంటలో కుర్చీలోంచి ఒక్కసారైనా లేచానా అన్నది. రాత్రి, పగలు కునుకు తీసి ఉంటే ఎన్ని నిమిషాలు అన్నది. మొత్తం ఆరు. చిరాకును, ఏకాగ్రతను వదిలేయడం నాకు కష్టంగానే ఉంది. అయితే పది రోజులలోనూ ఏకాగ్రత ఓపికతో పాటే పెరిగి, ఓపికతో పాటే తగ్గింది; చిరాకు దానికి తలకిందులుగా నడిచింది. నొప్పులు తొమ్మిది రోజులు సున్నా.

ఏడో స్థానాన్ని ఖాళీగా ఉంచాను. దాన్ని సందర్భాన్ని బట్టి వాడుకుంటాను: మధ్యాహ్నపు ఓపిక ఉదయం కంటే మూడు లేదా అంతకు మించి పడిపోతే, ఆ రాత్రి మాత్రమే అదనంగా ఒక ప్రశ్న వస్తుంది. మధ్యాహ్నానికి ముందు ఏం జరిగిందో ఐదింటిలో ఒకటి ఎంచుకోవాలి: వరుస సమావేశాలు, ఒంటరిగా దీక్షతో చేసిన పని, ప్రయాణం, వాదన, ప్రత్యేకంగా ఏమీ లేదు.

వేళల విషయంలో ఒక మార్పు చేశాను. నేను ఏడింటికి లేస్తాను. ఇంతవరకు ఉదయపు పలకరింపు 7:05కు వచ్చేది. అప్పుడు నేను నొక్కిన అంకె చాలా రోజులు 3 లేదా 4. అది ఆ రోజు ఓపిక కాదు, నిద్ర మత్తు. సాధారణంగా అరగంటలో ఆ మత్తు చాలావరకు దిగుతుంది. ఉదయపు అంకె కృత్రిమంగా తక్కువగా ఉంటే, మధ్యాహ్నానికి ఎంత పడిపోయానన్న లెక్కే తప్పుతుంది. అందుకని 7:45కు జరిపాను.

```
45 7  * * * /home/me/log/ask.py morning
30 12 * * * /home/me/log/ask.py noon
0  21 * * * /home/me/log/ask.py evening
```

మధ్యాహ్నపు తెర మీద ఉదయం ఏమని నొక్కానో కనబడకుండా చేశాను. మొదటి పది రోజుల్లో పాత అంకె లేత రంగులో కనబడేది, చేయి దాని పక్కకే పోయేది.

20వ రోజు

15వ రోజు నుంచి కొత్త అమరిక నడుస్తోంది. ఇవాళ ఒక పొరపాటు దొరికింది. రాత్రి ఏడో ప్రశ్న వచ్చింది, కానీ మధ్యాహ్నం నేను అసలు జవాబే ఇవ్వలేదు. 17వ రోజు కూడా అంతే జరిగింది. చూస్తే, జవాబు లేని చోట నా స్క్రిప్టు సున్నా రాస్తోంది. ఉదయం 7, మధ్యాహ్నం 0 కాబట్టి ఏడు అంకెలు పడిపోయినట్టు లెక్కగట్టి ప్రశ్న వేసింది. జవాబు లేకపోవడం వేరు, ఓపిక సున్నా ఉండడం వేరు. ఇకపై ఖాళీని ఖాళీగానే ఉంచుతుంది.

```python
if morning is None or noon is None:
    ask7 = False
else:
    ask7 = (morning - noon) >= 3
```

17వ రోజు ఏడో జవాబును పట్టికలోంచి తొలగించాను. ఇవాళ్టి ప్రశ్నకు జవాబివ్వలేదు.

28వ రోజు

రెండు వారాలు పూర్తయ్యాయి. ప్రశ్నలు ఆరో ఏడో కాబట్టి ఒక్కో పూటకు పది, పదిహేను సెకన్లు పడుతోంది. రాత్రి కూర్చుని మధ్యాహ్నపు జవాబు నింపడం పూర్తిగా ఆగింది, ఎందుకంటే రాత్రి పలకరింపు రాగానే మధ్యాహ్నానిది మూసుకుపోయేలా చేశాను.

ఈ పద్నాలుగు రోజుల్లో ఓపిక మూడు అంకెలు పడిపోయిన రోజులు ఐదు. వాటిలో నాలుగు రోజులు నేను ఎంచుకున్నది వరుస సమావేశాలు. దీన్ని చూసి నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ‘దొంగ దొరికాడు’ అని పట్టిక పక్కన రాసుకున్నాను, సమావేశాల మధ్య పావుగంట విరామం కోసం ఎవరిని అడగాలో కూడా ఆలోచించాను.

29వ రోజు

ఆ వాక్యాన్ని కొట్టేశాను.

రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తుంటే తట్టిన సంగతి ఇది. ఓపిక పడిపోయిన రోజున మాత్రమే కారణం అడుగుతున్నాను. మిగతా తొమ్మిది రోజుల్లో వరుస సమావేశాలు ఎన్ని రోజులు ఉన్నాయో నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు. ఆ రోజుల్లో కూడా అవి అదే స్థాయిలో ఉండి ఉంటే, సమావేశాలు నా ఉద్యోగంలో దినచర్యే తప్ప అలసటకు కారణం కావు. జ్వరం వచ్చినవారిని మాత్రమే పిలిచి, నిన్న నీళ్లు తాగారా అని అడిగితే అందరూ తాగామనే చెబుతారు. అంతమాత్రాన జ్వరానికి నీళ్లు కారణమని ఎవరూ అనరు. ప్రశ్నలు తగ్గించే తొందరలో నేను చేసింది సరిగ్గా అదే.

దీనికి సూటి పరిష్కారం ఏడో ప్రశ్నను ప్రతి రాత్రీ అడగడం. అలా ఒక్కొక్క ప్రశ్నకూ మినహాయింపు ఇచ్చుకుంటూ పోతే మళ్లీ 18కి చేరతాను. ఆ దారి ఎటు పోతుందో తెలుసు. అందుకని మధ్యేమార్గంగా, పడిపోని రోజుల్లో కూడా నాలుగింట ఒక వంతు అవకాశంతో, చీటీ తీసినట్టుగా, ఆ ప్రశ్న వచ్చేలా చేశాను. ఎందుకు వచ్చిందో కూడా పట్టికలో నమోదవుతుంది.

```python
if morning is None or noon is None:
    why, weight = None, 0
elif morning - noon >= 3:
    why, weight = "drop", 1
elif random.random() < 0.25:
    why, weight = "draw", 4
else:
    why, weight = None, 0
```

చీటీ ద్వారా వచ్చిన ప్రతి జవాబు నాలుగు రోజులకు ప్రతినిధి కాబట్టి, మొత్తం రోజులను గురించి లెక్కవేసేటప్పుడు దాన్ని నాలుగుసార్లు లెక్కించాలి. `weight` అన్న నిలువు వరుస అందుకే. నెలకు అదనంగా వచ్చే ప్రశ్నలు సగటున ఐదారుకు మించవు.

దీనివల్ల ఊహించని ప్రయోజనం ఒకటి కూడా ఉంది. ఇంతకుముందు రాత్రి ఏడో ప్రశ్న కనబడగానే ‘ఈ రోజు బాగా లేదన్నమాట’ అని తెలిసిపోయేది, దానికి తగిన దోషిని వెతికేవాణ్ణి. ఇప్పుడు ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో నాకు ఖాయంగా తెలియదు. మధ్యాహ్నం ఎంత నొక్కానో గుర్తుంటే ఊహించగలను, కానీ చాలా రోజులు గుర్తుండదు.

41వ రోజు

చెప్పుకోదగినదేమీ లేదు. కునుకు ప్రశ్నకు ఇంతవరకు రెండుసార్లే సున్నా కాని జవాబు వచ్చింది. దాన్ని తీసేయాలా అని ఆలోచించి, నడుస్తున్న ప్రయోగం మధ్యలో అమరికను కదపకూడదని ఊరుకున్నాను.

56వ రోజు

చీటీ పద్ధతి మొదలై నాలుగు వారాలయింది. 28 రోజుల్లో నాలుగు రోజులు మధ్యాహ్నపు జవాబు లేదు, అవి పోగా మిగిలినవి 24. ఓపిక పడిపోయిన రోజులు 8, పడిపోనివి 16. ఆ పదహారింటిలో చీటీ పడినవి 5.

పడిపోయిన ఎనిమిది రోజుల్లో వరుస సమావేశాలు ఉన్నవి ఆరు. చీటీ పడిన ఐదు మంచి రోజుల్లో ఉన్నవి నాలుగు. ఎనిమిదింట ఆరు, ఐదింట నాలుగు: దాదాపు సమానం. ఇంత చిన్న సంఖ్యలతో సమావేశాలకూ అలసటకూ ఏ సంబంధమూ లేదని తేల్చలేను. కానీ 28వ రోజున నేను పట్టుకున్నాననుకున్న దొంగ మీద ఇప్పుడు ఆధారం ఏమీ మిగలలేదు.

నిద్ర గంటలను రెండు రకాల రోజుల మధ్య పోల్చాను. తేడా పావుగంట కూడా లేదు. కుర్చీలోంచి లేచానా అన్నది కూడా ఏమీ చెప్పలేదు. ఇక వదిలేద్దామనుకుంటూ, మొదటి పది రోజుల్లో మేలు చేసిన సమయాల వరుసను మరోసారి తెరిచాను. అక్కడ తేడా కంటికి కొట్టినట్టు కనబడింది.

మధ్యాహ్నపు పలకరింపు 12:30కు వస్తుంది, కానీ జవాబు ఇచ్చేవరకు లేదా రాత్రి పలకరింపు వచ్చేవరకు ఫోను మీద అలాగే నిలిచి ఉంటుంది. 24 రోజుల్లో 15 రోజులు ఒంటిగంటన్నరలోపు జవాబిచ్చాను. తొమ్మిది రోజులు రెండు దాటాక, కొన్నిసార్లు మూడింటికి ఇచ్చాను. త్వరగా ఇచ్చిన రోజుల్లో ఓపిక సగటు 6.2, ఆలస్యంగా ఇచ్చిన రోజుల్లో 4.3. ఓపిక పడిపోయిన ఎనిమిది రోజుల్లో ఆరు ఈ ఆలస్యపు తొమ్మిదిలోనే ఉన్నాయి.

మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య చాలామందికి మగతగా ఉంటుంది. భోజనం వల్ల అది ఎక్కువ కావచ్చు కానీ, భోజనం చేయకపోయినా శరీరపు అంతర్గత గడియారం వల్ల ఆ దిగుదల వస్తుంది. కాబట్టి నేను పోల్చింది బాగున్న మధ్యాహ్నాలను బాగులేని మధ్యాహ్నాలతో కాకపోవచ్చు. పన్నెండున్నరను రెండున్నరతో పోల్చి ఉండవచ్చు. మధ్యాహ్నం అని ఒకే పేరు పెట్టడం వల్ల రెండు వేర్వేరు కొలతలు ఒకే గడిలో పడ్డాయి.

ఇందులో తిరకాసు లేకపోలేదు. పని ఒత్తిడి ఉన్న రోజునే జవాబు ఆలస్యమవుతుంది కదా. అప్పుడు తక్కువ అంకెకు కారణం గడియారమో ఒత్తిడో ఉన్న పట్టికలోంచి చెప్పలేను. వేళను బిగించి చూడడం ఒక్కటే మార్గం.

57వ రోజు

మధ్యాహ్నపు పలకరింపు ఇకపై 12:30 నుంచి 1:30 వరకే ఉంటుంది, ఆ తర్వాత తనంతట తానే మాయమవుతుంది. వాయిదా వేసే మీట తీసేశాను. ఒక రిమైండరు మాత్రం, ఒంటిగంటకు, శబ్దం లేకుండా వస్తుంది. దాన్ని కొత్త ప్రశ్నగా లెక్కించాలా అని కాసేపు తర్జనభర్జన పడ్డాను. ప్రశ్నలు పెరగడం లేదు కానీ ఫోను నన్ను కదిపే సార్లు పెరుగుతున్నాయి. భారం అన్నది రెండింటిదీ. అందుకే ఉదయానికీ రాత్రికీ రిమైండర్లు పెట్టలేదు.

సమావేశాల ప్రశ్న పని అయిపోయింది కాబట్టి దాన్ని ఆపేశాను. ఏడో స్థానం మళ్లీ ఖాళీ.

70వ రోజు

వేళ బిగించాక పద్నాలుగు రోజులు గడిచాయి. మధ్యాహ్నపు జవాబు వచ్చిన రోజులు 11. వాటిలో ఓపిక మూడు లేదా అంతకు మించి పడిపోయిన రోజులు రెండే. ఇంతకుముందు 24లో 8, ఇప్పుడు 11లో 2. నా మధ్యాహ్నపు నీరసంలో కొంత భాగం జవాబిచ్చిన వేళ సృష్టించిందే అని అనిపిస్తోంది.

అయితే ఆ మూడు ఖాళీ రోజులు నన్ను వదలడం లేదు. గంటసేపు తెరిచి ఉన్న వ్యవధిలో కూడా ఫోను ముట్టుకోలేని రోజులు అవి. బాగా అలసిన రోజులు కూడా అవే అయి ఉంటే, వేళను బిగించడం ద్వారా నేను చేసింది కొలత బాగుచేయడం కాదు, చెడ్డ రోజులను పట్టికలోంచి బయటికి నెట్టేయడం. ఆ మూడింటిలో రెండు రోజులు రాత్రి ఓపిక 3. మిగతా రోజుల రాత్రి అంకె చాలావరకు 5కు తక్కువ కాదు. అనుమానానికి అది చాలు.

ఏడో స్థానానికి పని దొరికింది. మధ్యాహ్నపు జవాబు తప్పిపోయిన రోజున మాత్రమే రాత్రి ఈ ప్రశ్న వస్తుంది: ‘పన్నెండున్నర, ఒంటిగంటన్నర మధ్య ఏం చేస్తున్నారు?’ ఎంచుకోవడానికి నాలుగు ఉన్నాయి: సమావేశంలో ఉన్నాను, ఫోను దగ్గర లేదు, చూశాను కానీ నొక్కే ఓపిక లేదు, గుర్తులేదు. ఇది కూడా షరతు మీద వచ్చే ప్రశ్నే, 29వ రోజు నేర్చుకున్నది దీనికీ వర్తిస్తుంది. కానీ ఇక్కడ నేను ఖాళీ రోజులను మిగతా రోజులతో పోల్చబోవడం లేదు. ఖాళీలు ఏ రకానివో తెలిస్తే చాలు. మూడోది ఎక్కువసార్లు వస్తే ఖాళీని తక్కువ ఓపికగానే భావించి లెక్కను మళ్లీ వేస్తాను. రెండోది ఎక్కువైతే ఆ రోజులను లెక్కలోంచి నిశ్చింతగా తీసేయవచ్చు.

అటువంటి రోజున మధ్యాహ్నపు రెండు ప్రశ్నలూ పోతాయి, రాత్రి ఒకటి చేరుతుంది, మొత్తం ఐదు. మిగతా రోజుల్లో ఆరే. కునుకు ప్రశ్నను ఇవాళ్టితో తీసేసి, దాని చోట మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో మగతగా అనిపించిందా అన్నది అవును, కాదు రూపంలో పెట్టాను. ఆరు గంటలు గడిచాక రాత్రి గుర్తుచేసుకుని చెప్పే జవాబు అంత నమ్మదగినది కాదని తెలుసు, అయినా మూడింటికి నాలుగో పలకరింపు పెట్టను. రేపటి నుంచి నాలుగు వారాలు అమరికను ముట్టుకోను.